స్టెంటు తరవాత రెండు గోలీలు

గుండె రక్తనాళంలో స్టెంటు వేయించుకుని ఇంటికి వచ్చిన మనిషి చీటీలో కొలెస్ట్రాల్ గోలీ, బీపీ గోలీ, గ్యాస్ గోలీ ఇలా ఎన్ని ఉన్నా, స్టెంటు మూసుకుపోకుండా నేరుగా కాపాడేవి రెండే. ఒకటి 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్. మెడికల్ షాపుల్లో ఇది ఎక్కువగా ఎకోస్ప్రిన్ పేరుతో దొరుకుతుంది. రెండోది 75 మిల్లీగ్రాముల క్లోపిడోగ్రెల్. క్లోపిలెట్, క్లావిక్స్, డిప్లాట్ లాంటి పేర్లతో వస్తుంది. గుండెపోటుతో వచ్చిన కొందరికి దీని బదులు అదే పనిని ఇంకా గట్టిగా చేసే టికాగ్రెలార్ గానీ ప్రాసుగ్రెల్ గానీ రాస్తారు. జనం వీటన్నిటినీ రక్తం పల్చబడే గోలీలు అంటారు గానీ, వీటివల్ల రక్తం చిక్కదనం ఏమీ మారదు. రక్తంలో తిరిగే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూడడమే వీటి పని.

ఆ పని ఎందుకు అంత అవసరమో తెలియాలంటే స్టెంటు వేసిన చోట ఏం జరుగుతుందో చూడాలి. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమని లోపలి వెడల్పు చాలామందిలో మూడు మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. కొవ్వు పేరుకుని సన్నబడిన చోట బెలూన్‌ను ఉబ్బించి, దాని మీద బిగించి ఉన్న లోహపు జాలీ గొట్టాన్ని ధమని గోడకు అదిమి పెడతారు. అదే స్టెంటు. ఇప్పటి స్టెంట్లను ఎక్కువగా కోబాల్ట్, క్రోమియం కలిసిన లోహంతో చేస్తారు. వాటి తీగల మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. బెలూన్ ఉబ్బినప్పుడు ధమని లోపలి పొర చిట్లిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ పొర కొన్ని రసాయనాలను వదులుతూ ప్లేట్‌లెట్లను దగ్గరికి రానివ్వదు. అది చిట్లిన చోట రక్తానికి ఒక గాయమూ, దాని మీద పరాయి లోహమూ ఎదురవుతాయి. శరీరం దృష్టిలో అది మూయవలసిన పుండు. ప్లేట్‌లెట్లు పుట్టిందే అందుకు.

కొన్ని వారాలు, నెలలు గడిచేసరికి లోపలి పొర మళ్లీ పెరిగి లోహపు తీగలను కప్పేస్తుంది. మందు పూత లేని పాత రకం స్టెంట్ల మీద ఇది దాదాపు నెలలో చాలావరకు పూర్తయ్యేది. కానీ వాటిలో ఇంకో చిక్కు ఉండేది. గాయం మానే క్రమంలో కండర కణాలు అతిగా పెరిగి ధమని మళ్లీ సన్నబడేది. దాన్ని ఆపడానికి సిరోలిమస్, ఎవరోలిమస్ లాంటి మందు పూసిన స్టెంట్లు వచ్చాయి. అమెరికాలో మొదటి మందుపూత స్టెంటుకు 2003లో అనుమతి దొరికింది. ఆ మందు కండర కణాల పెరుగుదలతో పాటు, లోపలి పొర పెరగడాన్ని కూడా నెమ్మదింపజేస్తుంది. అంటే ధమని మళ్లీ సన్నబడే బెడద తగ్గినందుకు బదులుగా, లోహం రక్తానికి కనిపించే కాలం పెరిగింది. ఆ కాలమంతా రెండు గోలీలు కాపలా ఉండాలి. నొప్పి పోయింది, ఆయాసం లేదు, పొలానికి నడిచి వెళ్తున్నాను అనే రోగి లెక్కకూ, ధమని లోపల జరుగుతున్న పనికీ సంబంధం లేదు. నొప్పి తగ్గింది దారి తెరుచుకున్నందుకు. పుండు మానిందో లేదో మనిషికి తెలిసే వీలు లేదు.

రెండు గోలీలు ఎందుకు, ఒకటి చాలదా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. ప్లేట్‌లెట్ ఒకటి గాయానికి అంటుకోగానే మిగతావాటిని పిలవడానికి కొన్ని సంకేతాలు పంపుతుంది. వాటిలో థ్రాంబాక్సేన్ ఒకటి, ఏడీపీ మరొకటి. ఆస్పిరిన్ మొదటిదాని తయారీనే ఆపుతుంది. క్లోపిడోగ్రెల్ రెండోదాన్ని అందుకునే తలుపును మూసేస్తుంది. ఒకదాన్నే ఆపితే రెండోదారిలో పిలుపు వెళ్తూనే ఉంటుంది. ఇది ఊహ కాదు, తొలినాళ్ల స్టెంట్లు నేర్పిన పాఠం. మనుషుల గుండెల్లో 1986లో మొదటిసారి వేసిన స్టెంట్లు కొద్ది రోజుల్లోనే గడ్డకట్టి మూసుకుపోవడం వైద్యులను బాగా భయపెట్టింది. ఒక గోలీ చాలా, రెండు కావాలా అన్న తగువును 1998లో అమెరికాలో 1,653 మంది మీద జరిగిన పరిశీలన తేల్చింది. ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారిలో నెలలోపు చెడు ఫలితం 3.6 శాతం మందికి ఎదురైతే, ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్‌కు అన్న వరస అయిన టిక్లోపిడిన్ వాడినవారిలో అది 0.5 శాతానికి పడిపోయింది. టిక్లోపిడిన్ తెల్ల రక్తకణాలను దెబ్బతీసేది. ఆ ఇబ్బంది అంతగా లేని క్లోపిడోగ్రెల్ కొద్దికాలంలోనే దాని చోటు తీసుకుంది.

ఈ గోలీల తీరులో ఒక విశేషం ఉంది. మానేసినప్పుడు ఏం జరుగుతుందో అదే నిర్ణయిస్తుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ తాము పట్టుకున్న ప్లేట్‌లెట్‌ను మళ్లీ వదలవు. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి పాడైన భాగాన్ని కొత్తగా చేసుకోలేదు. అది బతికే ఏడు నుంచి పది రోజులూ అలాగే మొద్దుబారి ఉంటుంది. అయితే ఎముక మజ్జ రోజూ దాదాపు పదో వంతు కొత్త ప్లేట్‌లెట్లను రక్తంలోకి పంపుతూ ఉంటుంది. ఇవాళ వేసుకునే గోలీ నిజానికి ఇవాళ పుట్టిన ప్లేట్‌లెట్ల కోసం. ఒక పూట మరిచిపోతే కొంపలు మునగవు. గుర్తొచ్చినప్పుడు అదే రోజు వేసుకుంటే చాలు, మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. వరసగా నాలుగైదు రోజులు మానేస్తే మాత్రం రక్తంలో సగానికి దగ్గరగా పదునైన ప్లేట్‌లెట్లు చేరతాయి. మామూలుగా రక్తం గడ్డకట్టడానికి అన్నీ పదునుగా ఉండనక్కర్లేదు. ఐదింట ఒకటి బాగున్నా శరీరం పని నడుపుకోగలదు. అందుకే మానేసిన మొదటి రోజు, రెండో రోజు ఏమీ కాకపోవడం ఎంత మాత్రమూ ధైర్యం చెప్పే విషయం కాదు.

టికాగ్రెలార్ సంగతి ఇంకొంచెం వేరు. అది ప్లేట్‌లెట్‌ను పట్టుకుని మళ్లీ వదిలేస్తుంది, అందుకే రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. రాత్రిది తరచూ ఎగ్గొట్టే మనిషికి క్లోపిడోగ్రెల్ వాడేవాడి కంటే కాపలా తొందరగా సన్నగిల్లుతుంది. కొందరిలో ఈ మందు వల్ల ఆయాసం వస్తుంది. గుండె మళ్లీ చెడిందేమోనని భయపడి దాన్ని మానేసేవారు ఉంటారు. అది డాక్టరుకు చెబితే క్లోపిడోగ్రెల్‌కు మార్చడానికి పద్ధతి ఉంది.

ఆర్మూరు పక్క ఊళ్లో పసుపు వేసే 58 ఏళ్ల రైతును, షుగరు కూడా ఉన్నవాడిని, ఉదాహరణకు తీసుకుందాం. నవంబరులో గుండెపోటు వచ్చి హైదరాబాదులో ఎడమవైపు పెద్ద ధమనిలో స్టెంటు పడింది. జనవరిలో పసుపు తవ్వకం మొదలైంది. తరవాత కొమ్ములు ఉడకబెట్టడం, రెండు వారాల దాకా ఎండబెట్టడం, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టించడం, ఆపై నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలడం. మార్చి వచ్చేసరికి స్టెంటుకు నాలుగు నెలలు. ఈలోపు దవడ పన్ను సలుపుతోంది. పన్ను పీకించుకునే ముందు రక్తం పల్చబడే గోలీలు ఆపాలట అని ఎవరో చెప్పారు. డాక్టరుకు ఫోన్ చేయలేదు. రెండు గోలీలూ ఆపేశాడు. ఐదు రోజుల తరవాత పన్ను తీయించుకున్నాడు. చిగురు మానేదాకా ఆగుదామని ఇంకో రెండు రోజులు తీసుకోలేదు.

అతని ధమనిలో లెక్క ఇలా నడుస్తుంది. మూడో రోజుకు దాదాపు మూడో వంతు ప్లేట్‌లెట్లు పదునెక్కాయి. షుగరు ఉన్నవారిలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది, ఎందుకంటే వాళ్లలో ప్లేట్‌లెట్లు త్వరగా మారిపోతుంటాయి. స్టెంటు మీద పొర పెరగడం కూడా వాళ్లలో నిదానం. పన్ను తీసిన గాయానికి శరీరం స్పందించి గడ్డకట్టే గుణాన్ని మరింత పెంచుతుంది. ఆరేడు రోజులకు ఇంకా కప్పబడని ఒక తీగ దగ్గర చిన్న గడ్డ మొదలై, ఒకదాన్నొకటి పిలుచుకున్న ప్లేట్‌లెట్లతో నిమిషాల్లో ధమని నిండిపోవచ్చు. దీన్నే స్టెంటు థ్రాంబోసిస్ అంటారు. ఇక్కడ మొదటి గుండెపోటు కంటే ముప్పు ఎక్కువ అవుతుంది. ఏళ్లపాటు మెల్లగా సన్నబడిన ధమని చుట్టూ పక్కదారులుగా సన్నని నాళాలు పుట్టుకొచ్చి కొంత రక్తం అందిస్తాయి. స్టెంటుతో తెరుచుకుని నిండుగా పారుతున్న ధమని ఒక్కసారిగా మూసుకుంటే ఆ పక్కదారులు ఉండవు. రక్తం పూర్తిగా ఆగిన అరగంటలోపే కండరం చావడం మొదలవుతుంది.

ఈ ప్రమాదం ఎంతన్నది 2005లో వచ్చిన ఒక అధ్యయనం స్పష్టంగా చూపించింది. మందుపూత స్టెంట్లు వేయించుకున్న 2,229 మందిని తొమ్మిది నెలలు గమనిస్తే 29 మందిలో స్టెంటు గడ్డకట్టింది. వాళ్లలో 45 శాతం మంది చనిపోయారు. మొత్తంగా చూస్తే ఇది అరుదు, నూటికి ఒకటి చిల్లర. కానీ గడువుకు ముందే గోలీలు పూర్తిగా మానేసిన కొద్దిమందినే విడిగా చూస్తే, దాదాపు ముగ్గురిలో ఒకరికి గడ్డకట్టింది. అప్పటి స్టెంట్ల తీగలు మందంగా ఉండేవి. నేటి స్టెంట్లతో పోలిస్తే ఆ అంకె కొంత ఎక్కువే. అయినా గోలీలు మానేయడం ఇప్పటికీ పెద్ద కారణాల్లో ఒకటిగానే ఉంది. 2006లో అచ్చయిన ఇంకో అధ్యయనం గుండెపోటుకు స్టెంటు వేయించుకున్న 500 మందిని గమనించింది. వాళ్లలో దాదాపు ఏడుగురిలో ఒకరు నెల తిరిగేసరికే రెండో గోలీ మానేశారు. తరువాతి పదకొండు నెలల్లో మానేసినవారిలో 7.5 శాతం మంది చనిపోగా, వాడినవారిలో ఆ లెక్క 0.7 శాతం.

అయితే ఆపడం అంటే అన్నిసార్లూ ఒకటే కాదు. ఈ విషయంలో అన్నిటికంటే ఉపయోగపడే పరిశీలన 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అమెరికా, యూరప్ దేశాల్లో ఐదు వేల మందికి పైగా స్టెంటు రోగులను రెండేళ్లు గమనించి, గోలీలు ఆగిన తీరును మూడుగా విడదీసి చూశారు. గడువు పూర్తయిందని డాక్టరే ఆపించినవారిలో ప్రమాదం పెరగలేదు. ఆపరేషన్ కోసం డాక్టరు పర్యవేక్షణలో కొద్దిరోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టినవారిలో ప్రమాదం పెద్దగా తేడా తెలిసేంత పెరగలేదు. రక్తస్రావమై ఆగినవారిలో, తమంతట తాము మానేసినవారిలో మాత్రం పెరిగింది. ఆగిన మొదటి వారంలో ప్రమాదం సుమారు ఏడు రెట్లు. ఆపే ముందు స్టెంటు ఏ రకం, ఎక్కడ, ఎంత పొడవు, వేసి ఎన్నాళ్లయింది, ఏ గోలీని ఆపాలి, దేన్ని కొనసాగించాలి అన్నవి తూచే మనిషి ఉన్నాడా లేడా అన్నదే అసలు తేడా. ఇంట్లో కూర్చుని ఆపేవాడి దగ్గర ఈ సమాచారం ఒక్కటీ ఉండదు.

మానేయడానికి రోగులు చెప్పే కారణాలను ఒక్కొక్కటిగా చూస్తే, వాటిలో చాలావాటికి ఆపకుండానే పరిష్కారం దొరుకుతుంది. ఉదాహరణలోని రైతు సంగతే తీసుకుంటే, ఒకటి రెండు పళ్లు తీయడానికి సాధారణంగా ఏ గోలీనీ ఆపనక్కర్లేదు. 2007లో అమెరికా గుండె వైద్యులు, దంతవైద్యులు కలిసి చెప్పింది ఇదే. గాయం మీద గాజుగుడ్డను అరగంట దాకా కొరికి పట్టుకోవడం, అవసరమైతే కుట్టు వేయడం, రక్తాన్ని ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌తో పుక్కిలించడం చాలు. రక్తం కాస్త ఎక్కువసేపు ఊరుతుంది, అంతే. దవడ నుంచి కారే రక్తాన్ని చూడవచ్చు, ఒత్తి ఆపవచ్చు. ధమనిలోని గడ్డను చూడలేం. హెర్నియా, మోకాలు మార్పిడి లాంటి వాయిదా వేయదగిన ఆపరేషన్లను స్టెంటు పడిన మొదటి నెలల్లో వాయిదానే వేస్తారు. ఆగలేని పరిస్థితిలోనూ వీలైతే ఆస్పిరిన్ కొనసాగిస్తూ క్లోపిడోగ్రెల్‌నే ఐదు రోజుల ముందు ఆపుతారు.

బ్రష్ చేసేటప్పుడు చిగుళ్లలో రక్తపు చార, చేతి మీద నీలంగా కమిలిన మచ్చ, గడ్డం గీసుకున్నప్పుడు త్వరగా ఆగని చిన్న గాటు ఇవన్నీ గోలీ పనిచేస్తోందనడానికి గుర్తులే గానీ మానేయడానికి కారణాలు కావు. తారులా నల్లగా, జిగటగా వచ్చే మలం, కాఫీ పొడి లాంటి వాంతి, ఎర్రబడిన మూత్రం, పది పదిహేను నిమిషాలు ముక్కు నొక్కినా ఆగని రక్తం, తలకు దెబ్బ తగిలిన తరవాత పెరిగే తలనొప్పి మాత్రం వేరు. వీటికి అదే రోజు దవాఖానకు వెళ్లాలి. అక్కడ కూడా ఏది ఆపాలో తేల్చేది స్టెంటు చరిత్ర చూసిన డాక్టరే.

కడుపు మంట ఇంకో పెద్ద కారణం. ఆస్పిరిన్ కడుపు లోపలి రక్షణ పొరను పల్చబరుస్తుంది కాబట్టే చీటీలో గ్యాస్ గోలీ ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్లోపిడోగ్రెల్ మింగినప్పుడు పనిచేసే రూపంలో ఉండదు, కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని పనిచేసే రూపానికి మార్చాలి. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఆ ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి. అందుకే స్టెంటు చీటీల్లో ఎక్కువగా పాంటోప్రజోల్ కనిపిస్తుంది. మెడికల్ షాపులో అదీ ఇదీ ఒకటేనని మార్చి ఇస్తే ఒకటి కాదు. అలాగే పొలం పనిలో నడుము పట్టిందని, మోకాళ్లు నొప్పులని కొనుక్కునే గోలీలు. ఐబుప్రొఫెన్‌ను ఆస్పిరిన్ కంటే ముందు వేసుకుంటే, ఆస్పిరిన్ కూర్చోవలసిన చోట అది కూర్చుని దాన్ని పనిచేయనివ్వదు. డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. నొప్పికి పారాసెటమాల్ మేలు.

పసుపు పండే నేల కాబట్టి పసుపు మాట కూడా చెప్పాలి. పసుపులోని కర్కుమిన్ ప్లేట్‌లెట్లను కొంత మందగింపజేస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. దాన్ని పట్టుకుని పాలలో పసుపు తాగితే గోలీలు అక్కర్లేదనేవారు ఉన్నారు. పసుపులో కర్కుమిన్ నూటికి కొన్ని పాళ్లే ఉంటుంది, అందులోనూ పేగుల్లోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కూరలో పసుపు స్టెంటును కాపాడదు, గోలీలతో కలిసి చెరుపూ చేయదు. కర్కుమిన్‌ను గాఢంగా చేసి అమ్మే గుళికలు వేరే సంగతి. రెండు గోలీల మీద అవి కూడా చేరితే రక్తస్రావం పెరగవచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు.

ఇంకొన్నిసార్లు మనిషి మానడు, స్ట్రిప్పే మారిపోతుంది. క్లోపిలెట్ 75 అంటే ఒక్క క్లోపిడోగ్రెల్. పేరు చివర ఏ అన్న అక్షరం చేరితే అందులో ఆస్పిరిన్ కూడా ఉన్నట్టు. కొన్ని కంపెనీల గోల్డ్ గుళికల్లో ఈ రెండింటితో పాటు కొలెస్ట్రాల్ మందు కూడా కలిసి ఉంటుంది. ఏ ఉన్న స్ట్రిప్పు అయిపోయి, లేనిదాన్ని కొన్న మనిషి తెలియకుండానే ఆస్పిరిన్ మానేసినట్టు. గోల్డ్ గుళికలో కొలెస్ట్రాల్ మందు వల్ల కండరాలు నొప్పి పుడుతున్నాయని దాన్ని ఆపినవాడు మూడు మందులనూ ఒక్కసారే ఆపినట్టు. పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లూ మిల్లీగ్రాములూ చీటీతో సరిచూసుకోవడం ఒక్కటే దీనికి దారి. ఆర్మూరు, బాల్కొండ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారు బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరు రాసిన చీటీ దగ్గర పెట్టుకోవాలి. అక్కడి షాపుల్లో ఇక్కడి బ్రాండ్లు దొరకకపోవచ్చు.

ఖర్చు మాట తీసేయలేం. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టినప్పుడు మందుపూత స్టెంటుకు పన్నులు కాక 29,600 రూపాయలు ఖరారు చేసింది. దానితో పోలిస్తే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ చవక. జనరిక్ షాపుల్లో మరీ చవక. ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేయించుకున్నవారికి తరవాతి పరీక్షలకు, మందులకు ఫాలో అప్ ప్యాకేజీ ఉంది. దూరం వల్ల తిరగలేక దాన్ని వదులుకునేవారు ఉంటే, కనీసం స్ట్రిప్పులో పది గోలీలు మిగిలి ఉండగానే తరువాతిది తెచ్చుకోవాలి.

ఇప్పటికే మానేసి రోజులు గడిచిపోయిన మనిషి ఏం చేయాలి? ఛాతీలో ఏ ఇబ్బందీ లేకపోతే అదే రోజు గుండె డాక్టరుకు గానీ, స్టెంటు వేసిన ఆసుపత్రికి గానీ చెప్పి మళ్లీ మొదలుపెట్టాలి. ఐదు రోజులు దాటితే క్లోపిడోగ్రెల్‌ను ఎన్ని గోలీలతో మొదలుపెట్టాలో వాళ్లే చెబుతారు. రోజుకొకటి చొప్పున వేసుకుంటూ పోతే దాని పూర్తి ప్రభావం రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ఒక్కోసారి మొదట ఒకేసారి నాలుగు గోలీలు, అంటే 300 మిల్లీగ్రాములు ఇస్తారు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఉన్నట్టుండి ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని గంట చూడడం ఈ మనిషి విషయంలో పనికిరాదు. షుగరు ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసమే రావచ్చు. 108కి ఫోన్ చేయాలి, ఈసీజీ తీసే దవాఖానకు చేరాలి, స్టెంటు ఉందనీ గోలీలు ఆపాననీ మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఆర్మూరు నుంచి నిజామాబాద్ సుమారు 25 కిలోమీటర్లు, హైదరాబాదు 180కి పైగా. మొదట దగ్గరి చోటికే వెళ్లాలి. డిశ్చార్జి కాగితం, స్టెంటు కార్డు వెంట ఉంటే అక్కడి డాక్టరుకు అడగవలసిన ప్రశ్నలు సగం తగ్గుతాయి.

గోలీలకు గడువు ఉంటుంది, కానీ అది అందరికీ ఒకటి కాదు. గుండెపోటు తరవాత స్టెంటు పడితే రెండు గోలీలూ సాధారణంగా ఏడాది. గుండెపోటు లేకుండా నడిస్తే వచ్చే ఛాతీ నొప్పికి వేసిన స్టెంటుకు దాదాపు ఆరు నెలలు. రక్తస్రావం ముప్పు ఎక్కువ ఉన్నవారికి ఒకటి నుంచి మూడు నెలలకే కుదిస్తారు. పలుచోట్ల, క్లిష్టమైన చోట్ల స్టెంట్లు పడినవారికి ఏడాది దాటి పొడిగించడమూ ఉంది. గడువు తీరాక ఆపేది ఒకదాన్నే. రెండోది, ఎక్కువ మందిలో ఆస్పిరిన్, కొందరిలో క్లోపిడోగ్రెల్, జీవితాంతం కొనసాగుతుంది. ఆ రోజు డాక్టరు ఏ గోలీని కొట్టేశారో చీటీ మీద చూసుకుని, ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పులను, ముఖ్యంగా రెండు మందులూ కలిసినవాటిని, పక్కకు తీసేయాలి.